‘కంటే’ ముందు నామవాచకం ఏ రూపంలో ఉండాలి, ఎలా సరిచూసుకోవాలి?

ప్రశ్న: “మా పాత ఇల్లు కంటే కొత్త ఇల్లు పెద్దది”, “తమ్ముడు కంటే చెల్లెలు పొడుగు” అని రాస్తే రెండూ తప్పన్నారు. మరి “పుస్తకం కంటే”, “అమ్మ కంటే” అని అందరూ ఏ మార్పూ లేకుండా రాస్తారు కదా? ఎక్కడ మార్చాలో, ఎక్కడ మార్చక్కర్లేదో తెలుసుకునే పద్ధతి ఏమైనా ఉందా?

సమాధానం:

ఉంది. ‘కంటే’ తీసేసి అదే చోట ‘మీద’ పెట్టి ఒకసారి పైకి చదవండి. ‘మీద’ ముందు ఆ మాట ఏ రూపంలో వస్తుందో ‘కంటే’ ముందు కూడా అదే రూపంలో వస్తుంది.

“ఇల్లు మీద పిట్ట వాలింది” అని ఎవరూ అనరు. “ఇంటి మీద” అంటారు. కాబట్టి “పాత ఇంటి కంటే కొత్త ఇల్లు పెద్దది”. “తమ్ముడు మీద కోపం” అనరు, “తమ్ముడి మీద” అంటారు. కాబట్టి “తమ్ముడి కంటే చెల్లెలు పొడుగు”. “పుస్తకం మీద”, “అమ్మ మీద” అనేవి ఉన్నవి ఉన్నట్టే వస్తాయి కాబట్టి “పుస్తకం కంటే”, “అమ్మ కంటే” కూడా అలాగే ఉంటాయి. అంటే ఆ రెండు మాటలకూ వేరే నియమమేమీ లేదు. ఇల్లుకూ తమ్ముడికీ ఉన్న నియమమే వాటికీ ఉంది, కాకపోతే వాటి రూపం మారినట్టు పైకి కనిపించదు.

దీనికి కారణం వ్యాకరణంలోనే ఉంది. బడిలో విభక్తులు చదివేటప్పుడు పంచమీ విభక్తికి ‘వలనన్, కంటెన్, పట్టి’ అని వల్లెవేస్తాం. ఆ ‘కంటెన్’ ఇవాళ్టి ‘కంటే’. అది విభక్తి ప్రత్యయం కాబట్టి ముందున్న నామం ప్రథమలో, అంటే కర్తగా ఉండే రూపంలో నిలబడదు. ప్రత్యయాన్ని మోయడానికి సిద్ధమైన రూపంలోకి మారుతుంది. ఇల్లు–ఇంటి, ఊరు–ఊరి, కన్ను–కంటి, ఏరు–ఏటి అని మారేవాటిని వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అంటారు. ‘మీద’ కూడా సరిగ్గా ఆ రూపాన్నే అడుగుతుంది. అందుకే పరీక్షకు అది సరిపోతుంది.

‘మీద’నే ఎందుకు ఎంచుకోవాలో కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది వేరే మాటలతో పరీక్షించి దారి తప్పుతుంటారు.

మొదటిది ‘కి/కు’ పరీక్ష. “తమ్ముడికి” నుంచి ‘కి’ తీసేస్తే “తమ్ముడి”. ఇక్కడ బాగానే ఉంది. కానీ “పుస్తకానికి” నుంచి ‘కి’ తీసేస్తే “పుస్తకాని” మిగులుతుంది, దాంతో “పుస్తకాని కంటే” అని రాసేస్తారు. “ప్రాణానికంటే” లాంటి రూపాలు అక్కడక్కడా రాతలో కనబడతాయి. ఎవరైనా రాస్తే అర్థం కాకపోదు గానీ, మీరు కొత్తగా రాసేటప్పుడు “ప్రాణం కంటే” అని రాయడమే మేలు. సున్నాతో ముగిసే మాటలన్నిటికీ ఇంతే: దేశం కంటే, గుర్రం కంటే, ఉదయం కంటే.

రెండోది ‘ఎవరిది, దేనిది’ అని సంబంధం చూపించే పరీక్ష. “ఇంటి తలుపు” కాబట్టి “ఇంటి కంటే” అనుకోవడం. ఇదీ సగం దూరమే తీసుకెళ్తుంది. “గుర్రపు బండి” అంటాం, కానీ “గుర్రపు కంటే” అనం. ఆ ‘పు’ పక్కనున్న నామానికి విశేషణంగా చేరేది, ‘కంటే’ ముందు దానికి చోటు లేదు.

మూడోది ‘లో’ పరీక్ష. ఇది ఇంటి దగ్గరే బోల్తా కొడుతుంది. “ఇంట్లో” అనే మాట నుంచి “ఇంటి”ని రాబట్టడం తెలిసినవాళ్ళకు సులువే గానీ, అనుమానం ఉన్నవాళ్ళకు కాదు.

‘మీద’ దగ్గర ఈ చిక్కులేవీ లేవు: గుర్రం మీద, ఇంటి మీద, తమ్ముడి మీద, నా మీద, వాటి మీద. ఇంకో సంగతి, మాటల్లో ‘మీద’ను పోలికకే వాడేవాళ్ళూ ఉన్నారు. “నిన్నటి మీద ఇవాళ కాస్త నయం” అంటారు చూడండి, అక్కడ ‘మీద’ చేస్తున్నది ‘కంటే’ పనే.

ఇప్పుడు ఎక్కువగా తప్పులు జరిగే చోట్లు.

‘డు’తో ముగిసే మగవాళ్ళ మాటలు. తమ్ముడు, స్నేహితుడు, దేవుడు, వాడు. వీటిలో ‘డు’ పోయి ‘డి’ వస్తుంది: స్నేహితుడి కంటే, వాడి కంటే. ‘ని’ వచ్చే రూపం (స్నేహితుని కంటే, రాముని కంటే) కూడా సరైనదే, కాస్త గ్రాంథికం వైపు మొగ్గుతుంది. ఒకే రాతలో రెండూ కలపకండి. కానీ “రాజు” లాంటి మాటలో ‘డు’ లేదు కాబట్టి మార్పు లేదు. “రాజు కంటే మొండివాడు బలవంతుడు” అనే సామెత అలాగే నిలిచింది. దాన్నే తిప్పి రాస్తే “మొండివాడి కంటే రాజు” అవుతుంది. పోలికలో ‘కంటే’ ముందు ఏ మాట ఉందో చూసి దాన్నొక్కదాన్నే మార్చాలి.

‘లు’తో ముగిసే ఆడవాళ్ళ మాటలు. ఇక్కడ బాగా రాసేవాళ్ళు కూడా తడబడతారు. బహువచనం ‘లు’ అయితే ‘ల’ అవుతుంది: పిల్లలు–పిల్లల కంటే, పుస్తకాలు–పుస్తకాల కంటే, నీళ్ళు–నీళ్ళ కంటే. చెల్లెలు, కోడలు, మరదలు, మనవరాలు, స్నేహితురాలు అనే మాటల్లో ఉన్న ‘లు’ బహువచనం కాదు, మాటలో భాగం. అవి ‘లి’ అవుతాయి: చెల్లెలి కంటే, కోడలి కంటే, మనవరాలి కంటే, స్నేహితురాలి కంటే. “చెల్లెల కంటే” అని రాస్తే అది ఒక్క చెల్లెలికీ సరిపోదు, చాలామందికీ సరిపోదు. చాలామంది అయితే “చెల్లెళ్ళ కంటే” అనాలి. ‘మీద’ పెట్టి చూస్తే ఈ తేడా వెంటనే చెవికి తగులుతుంది: చెల్లెలి మీద, చెల్లెళ్ళ మీద. కాలు, వేలు లాంటివి కూడా ఈ దారిలోనే నడుస్తాయి: కాలి కంటే, వేలి కంటే.

‘రు’తో ముగిసేవి. గౌరవంగా పిలిచే మాటలన్నీ ఇక్కడ ఉన్నాయి. “నాన్నగారు కంటే”, “మాస్టారు కంటే”, “వారు కంటే” అన్నవి తప్పు. నాన్నగారి కంటే, మాస్టారి కంటే, వారి కంటే. ఎవరు–ఎవరి, అందరు–అందరి, ముగ్గురు–ముగ్గురి. వస్తువుల్లో ఊరు–ఊరి, నీరు–నీటి, ఏరు–ఏటి, నోరు–నోటి. పేరు, కారు మాత్రం మారవు: “పేరు మీద”, “కారు మీద” అంటాం కాబట్టి పేరు కంటే, కారు కంటే. చివరి అక్షరం ఒక్కటే చూసి నిర్ణయించడం కుదరదని ఇక్కడ తెలుస్తుంది. ‘మీద’ పరీక్షలో అక్షరాన్ని కాదు, ఆ మాట నోటికి అలవాటైన తీరునే చూస్తాం కదా.

‘ది’, ‘వి’తో ముగిసే సర్వనామాలు. నిజానికి అన్నిటి కంటే ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. అది–దాని, ఇది–దీని, అవి–వాటి, ఇవి–వీటి అని అందరికీ తెలుసు. “అది కంటే” అని తెలుగువాళ్ళు రాయరు. కానీ అదే ‘అది’ ఇంకో మాట వెనక అతుక్కుని ఉంటే గుర్తుపట్టరు. “అనుకున్నది కంటే పని తొందరగా అయింది”, “మిగతావి కంటే ఇది చవక”, “పెద్దది కంటే చిన్నది బాగుంది” అని రాసేస్తారు. వీటిని విడదీసి చూడండి: అనుకున్న + అది, మిగతా + అవి, పెద్ద + అది. లోపల ఉన్న ‘అది’ ‘దాని’ కావాలి, ‘అవి’ ‘వాటి’ కావాలి. అనుకున్నదాని కంటే, మిగతావాటి కంటే, పెద్దదాని కంటే. అయితే నది, గది, బావి వేరే మాటలు. వాటిలో ‘అది’ లేదు కాబట్టి నది కంటే, గది కంటే, బావి కంటే అన్నవి సరైనవే.

క్రియ నుంచి వచ్చే రూపాల మీద ఒక మాట. “చెప్పినదాని కంటే” అనాలి, “చెప్పిన కంటే” కాదు. “చెప్పే కంటే చేయడం మేలు” అనే వాడుక మాత్రం ఉంది, దాన్ని దిద్దనక్కర్లేదు. “చెప్పడం కంటే” అని రాస్తే ఏ అనుమానమూ ఉండదు, ఎందుకంటే అది సున్నాతో ముగిసే నామమే.

అన్నీ, అందరూ. “అన్నీ కంటే ముఖ్యం” కాదు, “అన్నిటి కంటే” లేదా “అన్నింటి కంటే”. “అందరూ కంటే” కాదు, “అందరి కంటే”.

ఇక సంఖ్యలు. వీటిలో ఒక సూక్ష్మం ఉంది. “ఒకదాని కంటే ఒకటి బాగున్నాయి” అంటాం. మార్చిన రూపం, మార్చని రూపం ఒకే వాక్యంలో పక్కపక్కన ఉండటం వల్ల నియమాన్ని గుర్తు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి వాక్యం దొరకదు. మరోపక్క “తప్పులు ఒకటి కంటే ఎక్కువ ఉంటే” అని కూడా అంటాం, అదీ సరైనదే. మొదటిదాంట్లో ‘ఒకటి’ అంటే ఒక వస్తువు. రెండోదాంట్లో అది ఉత్త అంకె, లెక్క. వస్తువైతే మారుతుంది, లెక్కైతే మారదు. అలాగే “రెండు కంటే ఎక్కువ” (లెక్క), “ఆ రెండింటి కంటే ఇది నయం” (వస్తువులు). మీరు రాసింది ఈ రెండిట్లో ఏదో తేల్చుకోవడం ‘మీద’ పరీక్ష వల్ల కాదు, అర్థం చూసి మీరే నిర్ణయించాలి.

నెయ్యి, రాయి, చేయి. పాత రూపాలు నేతి, రాతి, చేతి. వీటిలో చేతి ఇప్పటికీ బలంగా ఉంది: “కుడి చేతి కంటే ఎడమ చేయి”. రాయికి రెండూ నడుస్తాయి: రాతి కంటే, రాయి కంటే. నెయ్యి దగ్గరికొచ్చేసరికి “నేతి కంటే” అనేది ఇవాళ్టి చెవికి కొత్తగా వినిపిస్తుంది, “నెయ్యి కంటే” అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. ఇలాంటి మాటలు చాలా కొద్ది. అనుమానం వస్తే పాత రూపం రాసినా తప్పు కాదు. కానీ ఇల్లు, ఊరు, నీరు మాత్రం ఈ కోవలో వేయకండి. వాటికి ఇంటి, ఊరి, నీటి అనే రూపాలే రాతలో ప్రమాణం.

వీటిలో పడకుండా మారని మాటలు బోలెడు: అమ్మ, అక్క, ఆమె, ఆయన, చెట్టు, గోడ, బస్సు, ఫోను. “అసలు కంటే వడ్డీ ముద్దు” అన్న సామెతలో ‘అసలు’ చివర ‘లు’ ఉన్నా మారలేదు. అది బహువచనమూ కాదు, చెల్లెలు లాంటి మాటా కాదు.

పరీక్ష పనిచేయని చోటు ఇంకొకటుంది. పోల్చేది మనిషినో వస్తువునో కాక చోటును అయితే ‘లో’ పోకుండా ఉండి, ‘కంటే’ దాని వెనక చేరుతుంది. “ఇంట్లో కంటే బయట చల్లగా ఉంది”, “గతంలో కంటే ఇప్పుడు నయం”, “ఇక్కడ కంటే అక్కడ”. వీటిని చూసి “ఇంటి కంటే బయట” అని దిద్దకూడదు, అర్థమే మారిపోతుంది. వాక్యంలో రెండో పక్షం ‘లో’తో ఉంటే మొదటిదీ ‘లో’తో ఉండాలి. “మా బడిలో పిల్లలు మీ బడి కంటే ఎక్కువ” అన్న వాక్యంలో ‘బడి’ రూపం సరైనదే, ‘మీద’ పరీక్షలో నెగ్గుతుంది. కానీ వాక్యం తప్పు. పిల్లల సంఖ్యను బడితో పోల్చినట్టయింది. “మీ బడిలో కంటే మా బడిలో పిల్లలు ఎక్కువ” అంటే సరి. అందుకే రూపం చూశాక, దేన్ని దేనితో పోలుస్తున్నారో కూడా ఒకసారి చూడాలి. “వాళ్ళ కంటే మా ఇల్లు పెద్దది” అని మాట్లాడేటప్పుడు అంటాం, చెల్లుతుంది. రాసేటప్పుడు “వాళ్ళ ఇంటి కంటే మా ఇల్లు పెద్దది” అనండి.

కాలాన్ని చెప్పే మాటల్లో నిన్న–నిన్నటి, మొన్న–మొన్నటి, అప్పుడు–అప్పటి, నేడు–నేటి అని మారతాయి. “నిన్న కంటే” అని వినిపిస్తుంది గానీ రాతలో “నిన్నటి కంటే” నిండుగా ఉంటుంది.

కొందరు “నాకు కంటే నీకు ఎక్కువ తెలుసు” అని రాస్తారు. వాక్యంలో ‘నీకు’ ఉంది కాబట్టి అటువైపు కూడా ‘నాకు’ ఉండాలనుకుంటారు. ‘కు’ మీద ‘కంటే’ చేరదు. “నా కంటే నీకు ఎక్కువ తెలుసు”. ‘ని/ను’ మీద అయితే అసలే చేర్చకూడదు, ఎందుకంటే అక్కడ ఇంకో ‘కంటే’ ఎదురవుతుంది.

ఆ ఇంకో ‘కంటే’ క్రియ. ‘కను’ అనే క్రియకు ‘అయితే’ అర్థంలో వచ్చే రూపం: “కవలల్ని కంటే”, “పగటి కలలు కంటే పనులు జరగవు”. ఇక్కడ పోలిక లేదు. “కలలు కంటే” చూసి ‘లు’ ఉందని “కలల కంటే” అని దిద్దితే వాక్యం పాడవుతుంది. “కలల కంటే నిజం మేలు” అన్నచోట మాత్రం అది పోలిక. ఇప్పుడు ఈ వాక్యం చూడండి: “అమ్మ నన్ను చెల్లెలి కంటే బాగా చూసుకుంటుంది.” దీనికి రెండు అర్థాలు. చెల్లెలు చూసుకునేదాని కంటే అమ్మ బాగా చూసుకుంటుందని ఒకటి, చెల్లెలిని చూసుకునేదాని కంటే నన్ను బాగా చూసుకుంటుందని ఇంకొకటి. దాన్ని తేల్చడానికి “చెల్లెల్ని కంటే” అని రాస్తే, అది ‘చెల్లెలికి జన్మనిస్తే’ అని వినిపిస్తుంది. కాబట్టి రూపం మార్చి కాదు, వాక్యం పెంచి తేల్చాలి: “చెల్లెల్ని చూసుకునేదాని కంటే నన్ను బాగా చూసుకుంటుంది.”

కలిపి రాయడం, విడిగా రాయడం గురించి కూడా అడుగుతుంటారు. ప్రత్యయం కాబట్టి కలిపి రాసే సంప్రదాయం ఉంది, విడిగా రాయడమూ ఇప్పుడు మామూలే. నేను విడిగా రాయమంటాను, అందుకు కారణం ఉంది. “నాకంటే” అని కలిపితే అది ‘నా + కంటే’ కావచ్చు, ‘నాకు + అంటే’ కూడా కావచ్చు. “నాకంటే పని ఉంది, నీకేమైంది?” అనేది రెండో రకం. “తమ్ముడికంటే”, “వాళ్ళకంటే”, “అమ్మకంటే” అన్నిటికీ ఈ రెండర్థాల బాధ ఉంది. విడిగా “నా కంటే” అని రాస్తే అది పోలిక మాత్రమే. ‘కంటె’, ‘కంటే’, ‘కన్నా’లలో ఏది రాసినా ముందున్న రూపం మారదు.

పెద్ద రాతలో వీటిని ఒక్కొక్కటే వెతకడం కష్టం. మీరు వాడే ఎడిటర్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే ఒక నమూనా ఇచ్చి దానికి సరిపోయేవన్నీ వెతికే సదుపాయం ఉంటే ఇది పెట్టండి:

```
(డు|లు|ళు|రు|రూ|ను|న్నీ|ది|వి|కు|కి)\s?(కంటే|కంటె|కన్నా)
```

అనుమానించాల్సిన చోట్లు చాలావరకు ఇందులో దొరుకుతాయి. దొరికినవన్నీ తప్పులు కావు. ఆకు కంటే, నది కంటే, ఏడాది కంటే, పదిమంది కంటే, కారు కంటే, ఫోను కంటే, అసలు కంటే, కలలు కంటే కూడా పట్టుబడతాయి. అందుకే ‘అన్నీ మార్చు’ బటన్ నొక్కకండి. దొరికిన ప్రతిదానికీ ‘మీద’ పెట్టి చదివి, ఒక్కొక్కటిగా దిద్దండి. ‘నిన్న కంటే’ లాంటివీ, పైన చెప్పిన బడి వాక్యం లాంటివీ ఇందులో దొరకవు, వాటికి చదవడమే దారి.

ఒక చిన్న పేరా తీసుకుని మొత్తం చేసి చూద్దాం.

> మా ఊరు కంటే మీ ఊరు పెద్దది. అక్కడి నీళ్ళు ఇక్కడి నీళ్ళు కంటే తియ్యగా ఉంటాయి. మాస్టారు కంటే ఆయన కోడలు పాఠం బాగా చెబుతుంది. అన్న, తమ్ముడు కంటే అక్క ముందు వచ్చింది. మేము అనుకున్నది కంటే పని తొందరగా అయింది. పొద్దున కంటే సాయంత్రం హాయిగా ఉంది.

మొదటి వాక్యంలో ‘ఊరు’ రెండుసార్లు ఉంది. “మా ఊరు మీద” అనం, “మా ఊరి మీద” అంటాం. కాబట్టి “మా ఊరి కంటే మీ ఊరు పెద్దది”. రెండో ఊరు కర్త, దాన్ని ముట్టుకోకూడదు. తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళు రెండింటినీ మార్చి “మీ ఊరి పెద్దది” అని రాస్తుంటారు. పోలికకు ఆధారంగా నిలిచిన మాట ఒక్కటే మారుతుంది.

రెండో వాక్యంలో “ఇక్కడి నీళ్ళ కంటే”. ‘ఇక్కడి’ అనే విశేషణం ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. ‘కంటే’కు ఆనుకుని ఉన్న చివరి మాటే మారుతుంది, దాని ముందు ఎన్ని విశేషణాలున్నా సరే.

మూడో వాక్యంలో “మాస్టారి కంటే ఆయన కోడలు”. కోడలు ఇక్కడ కర్త కాబట్టి అలాగే ఉంది. ఒకవేళ తిప్పి రాస్తే “కోడలి కంటే మాస్టారు” అవుతుంది.

నాలుగోదాంట్లో జాగ్రత్త కావాలి. “అన్న, తమ్ముడు కంటే”లో ‘తమ్ముడు’ను మార్చి, కామా జారవిడిస్తే “అన్న తమ్ముడి కంటే” అవుతుంది, అంటే అన్నకు తమ్ముడైనవాడని అర్థం వస్తుంది. ఇద్దరినీ చెప్పాలంటే “అన్న కంటే, తమ్ముడి కంటే” అని రెండుసార్లు ‘కంటే’ వాడటం, లేదా “అన్నదమ్ములిద్దరి కంటే అక్క ముందు వచ్చింది” అనడం మంచిది.

ఐదోది “అనుకున్నదాని కంటే”. ఆరోది అలాగే ఉండనివ్వవచ్చు. ‘పొద్దున’, ‘సాయంత్రం’ రెండూ ఎప్పుడు అన్నదానికి జవాబులే, రెండు వైపులా ఒకే తూకంలో ఉన్నాయి. “పొద్దుటి కంటే” అని రాసినా బాగుంటుంది.

> మా ఊరి కంటే మీ ఊరు పెద్దది. అక్కడి నీళ్ళు ఇక్కడి నీళ్ళ కంటే తియ్యగా ఉంటాయి. మాస్టారి కంటే ఆయన కోడలు పాఠం బాగా చెబుతుంది. అన్నదమ్ములిద్దరి కంటే అక్క ముందు వచ్చింది. మేము అనుకున్నదాని కంటే పని తొందరగా అయింది. పొద్దున కంటే సాయంత్రం హాయిగా ఉంది.

మీ మొదటి వాక్యం విషయంలో ఇంకొక్క మాట. రెండుసార్లు ‘ఇల్లు’ రావడం బరువనిపిస్తే “పాతదాని కంటే కొత్త ఇల్లు పెద్దది” అనవచ్చు. అప్పుడు కూడా “పాతది కంటే” అని జారకుండా చూసుకోండి, అందులో దాక్కున్నది ‘అది’యే.